గోథిక్ చర్చిల గోడలు అంత ఎత్తుగా, అంత పల్చగా ఎలా నిలబడ్డాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

పారిస్ నోట్రడామ్, షార్త్ర్, అమియెన్, బోవే. ఉత్తర ఫ్రాన్స్‌లో 12, 13 శతాబ్దాల్లో కట్టిన ఈ పెద్ద చర్చిల ఫొటోలు చూసిన ప్రతి ఒక్కరికీ వచ్చే అనుమానం ఒకటే. గోడ ఉండాల్సిన చోటంతా అద్దాలే ఉంటే, పైన ఉన్న రాతి కప్పు దేని మీద నిలబడింది? చాలామంది అడిగే ప్రశ్నలను తీసుకుని, ఒకదాని వెంట ఒకటిగా ఇక్కడ జవాబులు రాశాను. వరసగా చదివితే బాగా అర్థమవుతుంది.

రాతి గోడను ఎత్తుగా లేపడం అంత కష్టమా?

కాదు. రాయి మీద రాయి నిలువుగా పేర్చుకుంటూ పోవడం తేలికైన పనే. ఒక మాదిరి సున్నపురాయితో స్తంభం కడితే, తన బరువుకి తానే అడుగున నలిగిపోవాలంటే ఆ స్తంభం కిలోమీటరు పైన ఎత్తుండాలి. ఈ చర్చిల రాతి కప్పులు 50 మీటర్ల లోపే ఆగాయి. కాబట్టి బరువు మోయడం రాయికి లెక్కలోది కాదు.

అసలు చిక్కు కప్పుతో వచ్చింది. చెక్క కప్పు దూలాల మీద కూర్చుంటుంది, బరువును నేరుగా కిందికి దించుతుంది. కానీ చెక్క తగలబడుతుంది. ఒక పిడుగు, ఒక దీపం చాలు. షార్త్ర్‌లో పాత చర్చి 1194లో మంటల్లో పోయాకే ఇప్పుడున్నది కట్టారు. అందుకే చెక్క కప్పు కింద రాతితో ఇంకో కప్పు, అంటే వాల్ట్, కట్టాలని పట్టుబట్టారు. వాల్ట్ అంటే కమానులాగా వంగిన రాతి కప్పు. కమాను ఎప్పుడూ ఊరికే కూర్చోదు, రెండు కాళ్ళనూ పక్కలకు నెడుతూనే ఉంటుంది. పగలూ రాత్రీ, వందల ఏళ్ళ పాటు. గోడ కూలేది బరువు వల్ల కాదు, ఈ పక్క నెట్టుడు వల్ల. మిగతా కథంతా ఈ నెట్టుడును ఎక్కడికి పంపాలి అన్నదే.

అంతకుముందు కట్టినవాళ్ళు ఏం చేసేవారు?

గోడను మందంగా కట్టేవారు. అర్ధచంద్రాకారపు కప్పును హాలు పొడవునా ఒక సొరంగంలాగా వేస్తే, అది గోడ పొడవునా ప్రతి చోటా నెడుతుంది. అప్పుడు గోడలో ఎక్కడా పెద్ద కన్నం పెట్టడానికి వీల్లేదు. కిటికీలు చిన్నవి, లోపల చీకటి. అయినా నిశ్చింత లేదు. బర్గండీలో క్లూనీ మఠం పెద్ద చర్చిలో కొంత కప్పు 1125లో కూలిపోయింది.

మొనదేలిన కమాను గుండ్రటి కమాను కంటే తక్కువ నెడుతుందా?

అవును. ఎంత తక్కువ అన్నది ఒక చిన్న లెక్కతో చూద్దాం. 12 మీటర్ల వెడల్పు మీద రెండు కమానులు వేశాం అనుకోండి. మొదటిది పూర్తి అర్ధవృత్తం, దాని ఎత్తు 6 మీటర్లు. రెండోది మొన కమాను. కంపాస్ ముల్లును ఒక కాలి దగ్గర గుచ్చి 12 మీటర్ల వ్యాసార్ధంతో ఒక చాపం, రెండో కాలి దగ్గర గుచ్చి ఇంకో చాపం గీస్తే అవి పైన కలుసుకునే ఎత్తు సుమారు 10.4 మీటర్లు.

కమాను ఎంత నిలువుగా లేస్తే అంత తక్కువ నెడుతుంది. ఎత్తు ఒక్కటే చూస్తే మొన కమాను నెట్టుడు 58 శాతానికి తగ్గాలి. కానీ అది పొడవు కూడా ఎక్కువ. అర్ధవృత్తం చుట్టుకొలత 18.8 మీటర్లయితే దీనిది 25.1 మీటర్లు, అంటే మూడో వంతు ఎక్కువ రాయి, ఎక్కువ బరువు. రెండూ కలిపితే నెట్టుడు సుమారు 77 శాతం దగ్గర తేలుతుంది. బరువు సమానంగా పరుచుకుందని అనుకుని వేసిన మోటు లెక్క ఇది, నిజమైన వాల్ట్‌కి ఇలాగే సరిపోదు. అయినా పావు వంతు తగ్గుతుందన్న అంచనా తప్పుదారి పట్టించదు.

పావు వంతు తగ్గడం మంచిదే. కానీ అద్దాల గోడలు రావడానికి అది ఒక్కటే చాలదు. మొన కమాను తెచ్చిన పెద్ద లాభం వేరే ఉంది.

ఏమిటా లాభం?

వెడల్పు ఎంతైనా, ఎత్తును మనకు కావాల్సినంత పెట్టుకోవచ్చు.

గుండ్రటి కమానుకు ఆ స్వేచ్ఛ లేదు. వెడల్పులో సగమే దాని ఎత్తు. ఇప్పుడు చర్చిలో ఒక అంకణం తీసుకోండి. నడిమి హాలు అడ్డంగా 14 మీటర్లు, పొడవు వెంట స్తంభానికీ స్తంభానికీ మధ్య 7 మీటర్లు. ఈ దీర్ఘచతురస్రం మీద వాల్ట్ వేయాలంటే మూడు రకాల కమానులు కావాలి. హాలుకు అడ్డంగా ఒకటి, కిటికీ గోడ వెంట ఒకటి, మూల నుంచి మూలకు ఐమూలగా ఒకటి. అన్నీ గుండ్రంగా వేస్తే అడ్డ కమాను ఎత్తు 7 మీటర్లు, ఐమూల కమాను ఎత్తు 7.8, కిటికీ వైపు కమాను ఎత్తు 3.5 మాత్రమే. మూడు శిఖరాలు మూడు ఎత్తుల్లో ఉంటాయి. కప్పు మధ్యలో ఉబ్బి, కిటికీ వైపు కిందికి జారిపోతుంది. కిటికీ నెత్తి మీద నాలుగు మీటర్లకు పైగా ఎత్తు వృథా. దీన్ని సర్దడానికి పాతవాళ్ళు అంకణాలను వీలైనంత చతురస్రంగా ఉంచుకునేవారు, లేదా చిన్న కమానును ఎత్తైన కాళ్ళ మీద నిలబెట్టేవారు. రెండూ ఇబ్బందే.

మొన కమానుతో ఈ చిక్కు విడిపోతుంది. 7 మీటర్ల వెడల్పు మీద 7.8 మీటర్ల ఎత్తు రావాలంటే కంపాస్‌ను 10.4 మీటర్లకు తెరిచి రెండు చాపాలు గీస్తే చాలు. మూడు కమానులూ ఒకే ఎత్తుకు చేరతాయి. కిటికీ వైపు కమాను ఇప్పుడు కప్పు నెత్తి దాకా లేస్తుంది, దాని కింద ఉన్న చోటంతా అద్దానికి ఇచ్చేయొచ్చు. పైగా దీర్ఘచతురస్రపు అంకణాలు పనికొచ్చాయి కాబట్టి స్తంభాలను దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చు, ఒక్కో స్తంభం మీద పడే భారం తగ్గుతుంది. నా దృష్టిలో అసలు కిటికీలు తెరుచుకున్నది ఈ కంపాస్ గీతలోనే.

మొన కమానును ఫ్రాన్స్ వాళ్ళే కనిపెట్టారా?

లేదు. అంతకు వందల ఏళ్ళ ముందే పశ్చిమాసియా ఇస్లామిక్ కట్టడాల్లో అది మామూలే. ఆ దారిలోనే అది దక్కనుకూ వచ్చింది, 1591 నాటి చార్మినార్ నాలుగు కమానులూ మొనదేలినవే. యూరప్‌లో ఇంగ్లండ్‌లోని డర్హమ్ చర్చి కప్పులో 1133 నాటికే మొన కమానులు, రాతి రిబ్బులు, అంటే కప్పు కింద పక్కటెముకల్లా కనిపించే సన్నటి కమానులు, ఉన్నాయి. పారిస్ పక్కన సెయింట్ డెనిస్ మఠంలో అధిపతి సుజే 1144లో ప్రతిష్ఠ చేయించిన తూర్పు భాగంలో ఇవన్నీ కలిసి, పెద్ద కిటికీలతో వెలుగు నిండిన చోటు తయారైంది.

వాల్ట్ నెట్టుడు గోడకు ఎక్కడ తగులుతుంది?

సొరంగపు కప్పులాగా గోడ పొడవునా కాదు, స్తంభాల దగ్గర మాత్రమే. ఐమూల కమానులు, అడ్డ కమానులు, కిటికీ కమానులు అన్నీ అంకణం నాలుగు మూలల్లో వచ్చి దిగుతాయి. వాటి మధ్య కప్పు పల్చగా ఉంటుంది, నోట్రడామ్‌లో చాలా చోట్ల 15 సెంటీమీటర్ల ప్రాంతంలోనే. బరువంతా మూలలకు చేరుతుంది కాబట్టి రెండు మూలల మధ్య గోడకు కప్పు మోసే పని ఉండదు. అక్కడ గోడ తీసేసి అద్దం పెట్టినా కప్పు పడదు.

మూలలో కట్టుబడి ఎలా ఉంటుందో చూస్తే ఆ మేస్త్రీల తెలివి తెలుస్తుంది. రిబ్బులు మొదలయ్యే చోట మొదటి కొన్ని వరసల రాళ్ళను ఏటవాలుగా పెట్టరు. వాటిని చదునుగా పడుకోబెట్టి, గోడలోకి చొచ్చుకుపోయేలా, ఒక్కో వరస కాస్త కాస్త ముందుకు వచ్చేలా కడతారు. అవి గోడలో భాగమే అయిపోతాయి కాబట్టి వాటికి కింద ఆధారం అక్కర్లేదు. ఆ పైన నుంచే అసలు కమాను మొదలవుతుంది. అంటే కమాను వెడల్పు కూడా కొంత తగ్గిపోయింది. వాల్ట్ వెనక, అంటే కప్పు పై వైపు, మూలలో ఏర్పడే గుంటలో రాతి ముక్కలు, సున్నం కూరతారు. ఈ కూరుడు లేకపోతే నెట్టుడు గోడ అవతలి వైపున ఉన్న ఊతానికి సరిగా అందదు.

ఫ్లయింగ్ బట్రెస్ అంటే ఏమిటి? అది ఎందుకు గాలిలో ఉంది?

బట్రెస్ అంటే గోడ పక్కకు పడకుండా బయటి నుంచి కట్టే రాతి దిమ్మె. గోడకు అంటించి కట్టేది మామూలు బట్రెస్. కానీ ఈ చర్చిలకు నడిమి హాలు పక్కన తక్కువ ఎత్తులో వసారాలు ఉంటాయి. నడిమి హాలు గోడ పై భాగం వసారా కప్పు మీద నుంచి పైకి లేస్తుంది. ఆ పై భాగానికి అంటించి దిమ్మె కట్టాలంటే అది వసారా మధ్యలో దిగబడాలి. అందుకని దిమ్మెను వసారా అవతల, బయట నేల మీద నిలబెట్టి, అక్కడి నుంచి గోడ దాకా వసారా కప్పు మీదుగా ఒక వాలు కమాను వేశారు. వాలిపోతున్న గోడకు ఏటవాలుగా పెట్టే ఊతకర్ర లాంటిదే, కాకపోతే రాతిది.

ఈ మొత్తంలో ఒక విషయాన్ని నింపాదిగా చూడమని అడుగుతాను. బయట నిలబడిన దిమ్మె ఎటు తిరిగి ఉందో గమనించండి. అది చర్చి గోడకు సమాంతరంగా లేదు, అడ్డంగా ఉంది. ఎందుకో లెక్క వేద్దాం. ఇవి నేను వివరణ కోసం పెట్టుకున్న అంకెలు. దిమ్మె 20 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల లోతు, 2 మీటర్ల మందం. ఘనపు మీటరు 2.3 టన్నుల చొప్పున బరువు దాదాపు 370 టన్నులు. వాలు కమాను దాని నెత్తి మీద 20 టన్నులతో పక్కకు నెడుతోంది. 20 టన్నులను 20 మీటర్ల ఎత్తుతో గుణిస్తే 400. దాన్ని 370తో భాగిస్తే సుమారు 1.1 మీటర్లు. అంటే బరువు దిగే చోటు పునాది మధ్య నుంచి 1.1 మీటర్లు బయటికి జరుగుతుంది. లోతు 4 మీటర్లు కాబట్టి మధ్య నుంచి అంచు 2 మీటర్ల దూరంలో ఉంది. దిమ్మె నిలబడుతుంది.

ఇప్పుడు అదే దిమ్మెను 90 డిగ్రీలు తిప్పి, గోడకు సమాంతరంగా పెట్టండి. రాయి అంతే, బరువు అంతే. కానీ నెట్టుడు వైపు మందం 2 మీటర్లే. మధ్య నుంచి అంచు ఒక్క మీటరే. బరువు దిగే చోటు 1.1 మీటర్లు జరిగింది, అంటే పునాది దాటిపోయింది. దిమ్మె పడిపోతుంది.

గోథిక్ మేస్త్రీలు చేసింది ఇదే. పొడవుగా ఉన్న మందపు గోడను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ అడ్డంగా తిప్పి, చర్చి నుంచి దూరంగా నిలబెట్టారు. రాయిని పెద్దగా తగ్గించలేదు, దాన్ని సరైన దిక్కుకు తిప్పారు. ముక్కల మధ్య ఖాళీలోంచి వెలుగు లోపలికి వచ్చింది.

వాలు కమాను గోడను ఎక్కడ తాకాలి?

ఇదే అన్నిటికన్నా ఎక్కువ తడబాటు తెచ్చిన విషయం. వాల్ట్ నెట్టుడు ఒక్క బిందువు దగ్గర రాదు. రిబ్బులు మొదలయ్యే చోటి నుంచి కొంత పైదాకా, గుంటలో కూరిన రాతి ముక్కల ఎత్తులో వస్తుంది. దానికి తోడు, వాల్ట్ పైన ఏటవాలుగా లేచిన పెద్ద చెక్క కప్పు మీద గాలి కొడుతుంది, ఆ బలం గోడ నెత్తి మీదికి వస్తుంది. అందుకే చాలా చర్చిల్లో ఒకదాని మీద ఒకటిగా రెండు వరసల వాలు కమానులు ఉంటాయి. కిందిది వాల్ట్ కోసం, పైది ఎక్కువగా గాలి కోసం.

అమియెన్ చర్చిలో తూర్పు భాగానికి వేసిన కమానులు గోడను ఉండాల్సిన దానికంటే పైన తాకాయి. కింద గోడకు సరైన ఊతం లేకుండా పోయింది. తరవాతి కాలంలో వాటి కింద ఇంకో వరస గట్టి కమానులు కట్టాల్సి వచ్చింది. 1490ల చివర్లో కిటికీల కింద నడవా ఎత్తులో ఇనుప గొలుసు కూడా బిగించారు. ఆ గొలుసు ఇప్పటికీ అక్కడే ఉంది. 1220లో మొదలైన ఆ చర్చి వాల్ట్ ఎత్తు 42 మీటర్ల పైన, అంత ఎత్తులో చిన్న తేడా కూడా పెద్ద పగులుగా బయటపడుతుంది.

ఫ్లయింగ్ బట్రెస్ కూడా గోడను లోపలికి నెడుతుందా?

నెడుతుంది. అదీ కమానే కదా. వాల్ట్ బయటికి నెడుతుంటే, ఇది లోపలికి నెడుతుంది. రెండూ ఒకదాన్నొకటి ఆపుకుంటాయి. అయితే మంచి మేస్త్రీ దాన్ని తేలిగ్గా, వీలైనంత తిన్నగా కడతాడు. తన సొంత బరువుతో తక్కువ నెట్టాలి, అవసరం వచ్చినప్పుడు ఎంత బలమైనా మోయాలి.

ఇది పుస్తకాల లెక్క మాత్రమే కాదు. 2019 ఏప్రిల్ 15న నోట్రడామ్ చెక్క కప్పు తగలబడింది. పడిన శిఖరం, మండుతున్న దూలాలు కలిసి రాతి వాల్ట్‌లో పెద్ద కన్నాలు చేశాయి, అయినా వాల్ట్‌లో చాలా భాగం నిలిచింది. ఆ తరవాత ఇంజినీర్లకు పట్టుకున్న టెన్షన్ ఏమిటంటే, వాల్ట్ ఇంకా కూలితే బయటి కమానుల నెట్టుడుకు ఎదురు ఉండదు, గోడలు లోపలికి పడొచ్చు. అందుకని 28 ఫ్లయింగ్ బట్రెస్‌ల కిందా చెక్క సెంట్రింగ్ పెట్టారు. మధ్యయుగంలో వాటిని కట్టడానికి ఏ రకం చెక్క ఆధారం వాడారో, అదే పద్ధతిని మళ్ళీ తెచ్చి వాటికి ఊతమిచ్చారు.

దిమ్మెల మీద ఉన్న సూది శిఖరాలు అలంకారానికేనా?

అలంకారం కూడా. కానీ వాటి బరువుకు పని ఉంది. వాలు కమాను వచ్చి తగిలే చోట దిమ్మె పై రాళ్ళ మీద బరువు తక్కువ. పక్క నెట్టుడుకు ఆ రాళ్ళు జారిపోకుండా పైన బరువు వేస్తే అవి అదిమిపట్టినట్టు ఉంటాయి. మొత్తం దిమ్మెను నిలబెట్టేది మాత్రం ఆ శిఖరం కాదు. దాని బరువు దిమ్మెతో పోలిస్తే చిన్నది. శిఖరమే అంతా చేస్తుందని కొన్ని చోట్ల రాస్తారు, అది అతిగా చెప్పడం.

ఈ మార్పుతో కిటికీలు నిజంగా ఎంత పెరిగాయి?

నోట్రడామ్‌లోనే చూడొచ్చు. మొదట కట్టినప్పుడు గోడ నాలుగు అంతస్తులుగా ఉండేది, పై కిటికీలు చిన్నవి. ఆ లోపల చీకటి ఎవరికీ నచ్చలేదు. 1220ల తరవాత పై కిటికీలను కిందికి పొడిగించి, గోడను మూడు అంతస్తులుగా మార్చారు, బయటి కమానులను కూడా తిరిగి కట్టారు. 19వ శతాబ్దంలో మరమ్మతు చేసిన వియొలె ల్యు డ్యుక్, నడిమి హాలూ అడ్డ హాలూ కలిసే మధ్య కూడలి పక్కన కొన్ని అంకణాలను పాత నాలుగంతస్తుల రూపంలోకి మార్చాడు. లోపల నిలబడి చూస్తే రెండు రకాలూ పక్కపక్కనే కనిపిస్తాయి.

షార్త్ర్‌లో ఇంత మొహమాటం లేదు. మొదటి నుంచీ బయటి కమానులను నమ్ముకుని కట్టారు కాబట్టి పై కిటికీలు కింది కమానుల వరసకు దీటుగా పెరిగాయి.

ఫ్లయింగ్ బట్రెస్ లేకుండా అద్దాల గోడలు సాధ్యం కాదా?

సాధ్యమే, కానీ పరిధి ఉంది. పారిస్‌లోనే 1248లో ప్రతిష్ఠించిన సాంత్ షపెల్ అనే చిన్న చర్చికి ఒక్క ఫ్లయింగ్ బట్రెస్ కూడా లేదు. దాని పై అంతస్తు గోడ దాదాపు అంతా రంగుటద్దమే. కారణాలు రెండు. దానికి పక్క వసారాలు లేవు, అందుకని దిమ్మెలను గోడకే అంటించి నేల నుంచి కట్టేశారు. అద్దాల మధ్య నుంచి, కప్పు వెనక నుంచి ఇనుప పట్టీలు, గొలుసులు వేసి కట్టడాన్ని బిగించారు. రాతి కట్టడాల్లో ఇనుము ఉందంటే చాలామంది ఆశ్చర్యపోతారు గానీ, ఆ కాలపు మేస్త్రీలు ఇనుమును ధారాళంగానే వాడారు.

ఇంజినీరింగ్ సూత్రాలు లేకుండా ఇదంతా ఎలా కట్టారు?

జ్యామితితో, అంతకుముందు నిలబడిన కట్టడాలను చూసి. బలాలను అంకెల్లో లెక్కించడం వాళ్ళకు తెలియదు. అయినా పని నడిచింది, ఎందుకంటే ఇక్కడ ప్రశ్న రాయి ఎంత గట్టిది అన్నది కాదు, ఆకారం సరిగ్గా ఉందా లేదా అన్నది. బరువు, నెట్టుడు కలిసి పోయే దారి రాతి మందం లోపలే ఉంటే కట్టడం నిలుస్తుంది. ఆకారాన్ని అదే నిష్పత్తిలో రెండింతలు చేసినా ఆ దారి లోపలే ఉంటుంది. అందుకే చిన్న చర్చిలో పనికొచ్చిన కొలతల నిష్పత్తి పెద్ద చర్చిలోనూ పనికొచ్చింది.

ఈ నమ్మకానికి ఒక హద్దుంది. గాలి, మెత్తటి నేల నిష్పత్తిని చూడవు. ఎత్తు పెరిగే కొద్దీ గాలి వేగం పెరుగుతుంది. పునాది కింద మట్టి ఎంత మోస్తుందో అంతే మోస్తుంది.

పని ఏ వరసలో జరిగేది? ఎక్కడ ప్రమాదం?

ముందు పునాది, స్తంభాలు, వసారాలు, బయటి దిమ్మెలు. తరవాత పై గోడ. దాని మీద చెక్క కప్పు వేసి వాన ఆపేవారు. వాల్ట్ చివర్న, ఆ కప్పు నీడలో కట్టేవారు. చెక్క సెంట్రింగ్ మీద ముందు రిబ్బులు పేర్చి, వాటి మధ్య పల్చటి కప్పు నింపేవారు. ఒక అంకణం అయ్యాక సెంట్రింగ్ విప్పి పక్క అంకణానికి జరిపేవారు.

ప్రమాదం సున్నంలో ఉంది. మందమైన కట్టుబడిలో సున్నం గట్టిపడటానికి నెలలు కాదు, ఏళ్ళు పడుతుంది. తొందరపడి సెంట్రింగ్ తీస్తే మెత్తటి సున్నం కుంగి, కమాను ఆకారం మారుతుంది. మరోవైపు, నెమ్మదిగా గట్టిపడే ఆ సున్నమే మేలు కూడా చేసింది. గోడలు కొద్దిగా జరిగితే కట్టుబడి విరక్కుండా సర్దుకుంది.

బోవే చర్చి ఎందుకు కూలింది?

బోవే వాళ్ళు అందరికంటే ఎత్తు వెళ్ళారు. 1225లో మొదలుపెట్టి 1272 నాటికి తూర్పు భాగం పూర్తి చేశారు. వాల్ట్ ఎత్తు 48 మీటర్ల దగ్గర. అంత ఎత్తైన గోథిక్ వాల్ట్ మరొకటి లేదు. పన్నెండేళ్ళు నిలబడి, 1284లో వాల్ట్‌లో కొంత భాగం కూలిపోయింది.

ఎత్తు ఎక్కువై పడిపోయిందని ఒక్క ముక్కలో చెప్పేస్తుంటారు. అది సరిపోదు. రాయి నలగలేదు, ఆ ఎత్తు దానికి బాధ కాదు. పరిశీలించినవాళ్ళు చూపించే కారణాలు ఇవి. స్తంభాల మధ్య దూరం ఎక్కువ, అంటే ఒక్కో స్తంభానికి, ఒక్కో దిమ్మెకు పడే వాటా ఎక్కువ. వసారాలు రెండు వరసలు ఉండటంతో బయటి కమాను మధ్యలో ఒక సన్నటి దిమ్మె మీద దిగి, అక్కడి నుంచి బయటి దిమ్మెకు వెళ్తుంది. ఆ మధ్య దిమ్మె కొంత భాగం కింద స్తంభం మీద కాక, వసారా కప్పు వైపు గాలిలోకి జరిగి ఉంది. ఎత్తైన కప్పు మీద గాలి కొట్టిన ప్రతిసారీ ఈ సన్నటి దిమ్మె వంగి, సున్నం అతుకులు తెరుచుకుని మూసుకుంటాయి. ఒక్క తుఫానులో కాదు, ఏళ్ళ తరబడి. వాటికి తోడు, మందపాటి కట్టుబడిలో సున్నం కుంగుతున్నప్పుడు దాని పక్కన నిలువుగా నిలబెట్టిన ఏకశిల సన్న స్తంభాలు కుంగలేదు, దాంతో బరువు వాటి మీదికి మారి అవి విరిగి ఉండొచ్చన్న వాదన ఉంది. గాలా, సున్నం కుంగడమా, ఏది ముందు అన్న దాని మీద ఇప్పటికీ వాదన నడుస్తోంది. నాకు మాత్రం గాలి వాదనే గట్టిగా అనిపిస్తుంది.

మరమ్మతు చేసినవాళ్ళు ఏం చేశారో చూస్తే వాళ్ళు దేన్ని తప్పనుకున్నారో తెలుస్తుంది. ఎత్తు ఒక్క అడుగు కూడా తగ్గించలేదు. ప్రతి రెండు స్తంభాల మధ్య ఇంకో స్తంభం పెట్టారు. అంకణాలు సగమయ్యాయి, నాలుగు పలకల వాల్ట్ ఆరు పలకలదైంది. బయటి కమానులు కూడా పెరిగాయి. ఆ రూపంలో అది నేటికీ నిలబడి ఉంది.

బోవే వాళ్ళు తరవాత మధ్య కూడలి మీద 153 మీటర్ల శిఖరం లేపారు. అది 1569లో పూర్తయి, 1573లో కూలింది. పడమర వైపు నడిమి హాలు కట్టి ఉంటే ఆ శిఖరానికి ఆ దిక్కున ఊతం ఉండేది. కట్టలేదు, ఆ తరవాత కూడా కట్టలేకపోయారు.

మెదక్ చర్చి కూడా గోథిక్ అంటారు. అందులో ఇవన్నీ ఉన్నాయా?

1924 డిసెంబర్ 25న ప్రారంభమైన మెదక్ చర్చిలో మొనదేలిన కిటికీలు, రంగుటద్దాలు ఉన్నాయి, ఆ రూపం ఐరోపా గోథిక్ నుంచి వచ్చిందే. కానీ అది 20వ శతాబ్దపు కట్టడం. మొన కమాను కనిపించినంత మాత్రాన అక్కడ ఫ్లయింగ్ బట్రెస్ ఉన్నట్టు కాదు. ఏ చర్చికి వెళ్ళినా బయట చుట్టూ ఒకసారి నడవండి. గోడకు అంటుకుని ఉన్న దిమ్మె మామూలు బట్రెస్. గోడకు, దిమ్మెకు మధ్య ఆకాశం కనిపిస్తూ, ఆ ఖాళీ మీదుగా వాలు కమాను ఉంటే అది ఫ్లయింగ్ బట్రెస్.

లోపల కప్పులో పగుళ్ళు కనిపిస్తే ప్రమాదమా?

చాలా పగుళ్ళు మామూలే. దిమ్మెలు కాలంతో పాటు కొద్దిగా బయటికి వాలుతాయి, అంటే వాల్ట్ కాళ్ళ మధ్య వెడల్పు కాస్త పెరుగుతుంది. దానికి సర్దుకోవడానికి వాల్ట్ మూడు చోట్ల పగులుతుంది. నెత్తి దగ్గర కింది వైపు పొడవునా ఒకటి. గోడ పక్కన, వాల్ట్‌కూ గోడకూ మధ్య సందులాగా ఒకటి. ఆ రెండింటి మధ్య, గోడకు కాస్త ఎడంగా, గోడకు సమాంతరంగా పోయేది ఇంకొకటి. ఈ మూడూ గోడ వెంట సమాంతరంగా ఉండి, ఏళ్ళ తరబడి వెడల్పు మారకపోతే వాల్ట్ కొత్త కొలతకు అలవాటు పడిందని అర్థం.

భయపడాల్సింది పగులు ఉండటం వల్ల కాదు, అది కదులుతుంటే. పగులు మీద అడ్డంగా పల్చటి జిప్సమ్ పట్టీ వేసి, తేదీ రాసి వదిలేయడం పాత పద్ధతి. పట్టీ పగిలితే కట్టడం కదులుతున్నట్టే. ఇప్పుడు దానికి బదులు కొలిచే గేజీలు పెడతారు. వేసవిలో, చలికాలంలో రాయి వ్యాకోచించి కుంచించుకోవడం వల్ల పగులు కొద్దిగా తెరుచుకుని మూసుకోవడం సహజం, అందుకే కనీసం ఏడాది పొడవునా చూడకుండా తీర్పు చెప్పకూడదు. ఏడాది తిరిగేసరికి పగులు మొదటి కొలతకు రాకుండా వెడల్పు పెరుగుతూ పోతుంటే, ముందు చూడాల్సింది కప్పును కాదు, బయటి దిమ్మెల పునాదినీ, అక్కడ నేలలోకి ఇంకుతున్న వాననీటినీ.